లైబ్రరీ లిమొనీన్ అంటే లిమొనీనేనా? జీసీ-ఎంఎస్‌లో తెలియని పీక్‌కి పేరు పెట్టడం ఎలా

"లైబ్రరీ మ్యాచ్ 900 దాటింది, ఇక పేరు రాసేయొచ్చా?" ఈ ప్రశ్న నన్ను ఎంతమంది అడిగారో లెక్కలేదు. ప్రతిసారీ విడివిడిగా చెప్పలేక ఒకేచోట రాసేస్తున్నా. అన్ని రకాల కాంపౌండ్లూ ఇందులో పట్టవు, అందుకే ఒక్క పీక్ తీసుకుంటా. ఆకు నూనెల్లో మామూలు 5 శాతం ఫినైల్ కాలమ్ మీద రిటెన్షన్ ఇండెక్స్, అంటే ఆల్కేన్ల టైమ్‌లతో పోల్చి పీక్ టైమ్‌కి ఇచ్చే అంకె, 1030 దగ్గర వచ్చే పీక్ అది. లైబ్రరీ దానికి లిమొనీన్ అని పేరు పెడుతుంది, సగంసార్లు కరెక్టే కూడా, మిగతా సగంసార్లు దాని కింద ఇంకొకళ్ళో ఇద్దరో దాక్కుని ఉంటారు.

నేనూ దీంట్లో ఒకసారి బోల్తా పడ్డా. లిమొనీన్ అని టేబుల్‌లో రాసి ఇచ్చేశా, శాంపిల్ తెచ్చినావిడ సీసా మూత తీసి వాసన చూసి "మరి ఈ నీలగిరి తైలం వాసన ఎక్కణ్ణుంచి వస్తోందండీ?" అని అడిగింది. లిమొనీన్‌కి ఆ వాసన ఉండదు. వెనక్కెళ్ళి డేటా తీసి చూస్తే 1,8-సినియోల్ అదే పీక్‌లో కూర్చుని ఉంది, నేనే చూళ్ళేదు.

ఏమేం కావాలి

- జీసీ-ఎంఎస్, 70 ఎలక్ట్రాన్ వోల్ట్ ఈఐ సోర్స్‌తో. లైబ్రరీలో స్పెక్ట్రాలు ఆ ఎనర్జీ దగ్గర తీసినవే, మీరు ఇంకో ఎనర్జీలో తీస్తే పోల్చడానికి అర్థం ఉండదు.
- 5 శాతం ఫినైల్ మిథైల్ పాలీసిలోక్సేన్ కాలమ్, 30 మీటర్లు, 0.25 మి.మీ. లోపలి వ్యాసం, 0.25 మైక్రాన్ ఫిల్మ్. వీలైతే ఒక వ్యాక్స్ కాలమ్ కూడా.
- C8 నుంచి C20 దాకా నార్మల్ ఆల్కేన్ల మిక్స్.
- లిమొనీన్, 1,8-సినియోల్ ప్యూర్ స్టాండర్డ్లు, సీసా మీద ప్యూరిటీ, లాట్ నంబర్ ఉన్నవి.
- జీసీ గ్రేడ్ హెక్సేన్, శుభ్రమైన వయల్స్.
- కలిసిపోయిన పీక్‌లని విడదీసే ఆమ్డిస్ లాంటి డీకన్వల్యూషన్ సాఫ్ట్‌వేర్ ఉంటే మంచిది, లేకపోయినా చేత్తో చేసుకోవచ్చు, కింద చెప్తా.

1. ముందు మెషీన్ సంగతి, తర్వాతే శాంపిల్

పీఎఫ్‌టీబీఏతో ట్యూన్ చేసి 69, 219, 502 మాస్‌లు సరైన చోట వస్తున్నాయా, 219కీ 69కీ మధ్య నిష్పత్తి మీ మెషీన్‌కి ఎప్పుడూ ఉండే రేంజ్‌లోనే ఉందా చూడండి. పెద్ద మాస్‌లు బలహీనపడిపోతే మీ శాంపిల్‌లో మాలిక్యులర్ అయాన్ కూడా బలహీనంగానే వస్తుంది, అప్పుడు లైబ్రరీ స్కోర్ ఎందుకు తగ్గిందో తెలీక జుట్టు పీక్కుంటారు. 28, 32 రెండూ కలిసి పెరిగాయంటే గాలి లీక్ ఉంది, నట్ బిగించి మళ్ళీ చూడండి.

తర్వాత హెక్సేన్ ఒక్కటే బ్లాంక్‌గా ఇంజెక్ట్ చెయ్యండి. 207, 281 వస్తే అది కాలమ్ బ్లీడో సెప్టమో, 149 వస్తే ఏదో ప్లాస్టిక్ నుంచి వచ్చిన థాలేట్. బ్లాంక్‌లో ఉన్న పీక్‌కి శాంపిల్‌లో పేరు వెతకడం అంత దండగ పని ఇంకోటి లేదు, కానీ జనం చేస్తూనే ఉంటారు.

2. శాంపిల్ పలచగా కలపండి, రన్ చెయ్యండి

10 మైక్రోలీటర్ల నూనెని 1 మి.లీ. హెక్సేన్‌లో కలిపి, 1 మైక్రోలీటర్ ఇంజెక్షన్, స్ప్లిట్ 50:1, హీలియం నిమిషానికి 1 మి.లీ. కాన్‌స్టంట్ ఫ్లో. అవెన్ 50 డిగ్రీల దగ్గర 2 నిమిషాలు ఉంచి, నిమిషానికి 5 డిగ్రీల చొప్పున 250 దాకా. స్కాన్ 35 నుంచి 300 మాస్ వరకు, సెకనుకి కనీసం 4 స్కాన్లు. స్కాన్ స్పీడ్ దగ్గర పిసినారితనం వద్దు, ఎందుకో నాలుగో స్టెప్‌లో తెలుస్తుంది.

జాగ్రత్త: పీక్ పైభాగం చదునుగా వచ్చిందంటే డిటెక్టర్ నిండిపోయిందని అర్థం. అప్పుడు బేస్ పీక్ పెరగలేక ఆగిపోతుంది, చిన్న అయాన్లు మాత్రం పెరుగుతూ పోతాయి, నిష్పత్తులన్నీ చెడిపోతాయి. ఆ స్పెక్ట్రమ్‌ని లైబ్రరీకి పంపకండి. ఇంకా పలచన చేసి మళ్ళీ ఇంజెక్ట్ చెయ్యడమే, వేరే మార్గం లేదు.

3. లైబ్రరీలో వెతకండి, కానీ పేరు కంటే ముందు అంకెలు చదవండి

పీక్ మధ్యలో ఐదారు స్కాన్లు యావరేజ్ చేసి, బ్యాక్‌గ్రౌండ్ తీసేసి, నిస్ట్ సెర్చ్‌కి పంపండి. బ్యాక్‌గ్రౌండ్‌ని పీక్‌కి కాస్త దూరంగా ఉన్న బేస్‌లైన్ నుంచి తీసుకోవాలి. పీక్ అంచు నుంచి తీస్తే మీ కాంపౌండ్ అయాన్లనే మీరు మైనస్ చేసుకున్నట్టు. నాకు వచ్చిన లిస్ట్ ఇలా ఉంది:

```
Name             Match  R.Match  Prob
D-Limonene        842     921    31.4
β-Phellandrene    828     880    18.2
```

ఈ రెండు లైన్లలోనే చాలా కథ ఉంది. `Match` అంటే మీ స్పెక్ట్రమ్ మొత్తాన్ని లైబ్రరీ స్పెక్ట్రమ్‌తో పోల్చింది, మీ దాంట్లో అదనంగా ఉన్న అయాన్లకి మార్కులు కోస్తుంది. `R.Match` ఆ అదనపు అయాన్లని పట్టించుకోదు, లైబ్రరీ స్పెక్ట్రమ్‌లో ఉన్నవి మీ దాంట్లో ఉన్నాయా లేవా అనే చూస్తుంది. అంటే రెండోది 921 ఉండి మొదటిది 842కి పడిపోయిందంటే, లిమొనీన్ అయాన్లన్నీ ఉన్నాయి గానీ వాటితో పాటు లిమొనీన్‌వి కానివి కూడా ఉన్నాయని అర్థం. ఈ తేడా 30, 40 దాటితే నేను పక్కనే ఇంకోటి ఉందనే అనుమానంతో మొదలుపెడతా.

`Prob` 31 మాత్రమే ఉందని కంగారు పడక్కర్లేదు. మోనోటెర్పీన్లన్నీ చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, 93, 91, 79, 77, 136 అందరికీ ఉంటాయి, కాబట్టి లైబ్రరీ తన నమ్మకాన్ని నలుగురికీ పంచేస్తుంది. అలాగే అది 90 ఉన్నా పొంగిపోవద్దు, అసలు కాంపౌండ్ లైబ్రరీలో ఉంది అనుకుని వేసిన లెక్క అది, లేకపోతే ఉన్నవాళ్ళలో దగ్గరివాడికే ఆ మార్కులన్నీ వేసేస్తుంది.

ఇంకో మాట, పేరు ముందు ఆ `D-` చూసి అలాగే టేబుల్‌లోకి కాపీ కొట్టేవాళ్ళు ఎక్కువ. కుడి ఎడమ రూపాలు రెండిటికీ స్పెక్ట్రమ్ ఒకటే, మామూలు కాలమ్ మీద టైమ్ కూడా ఒకటే. కైరల్ కాలమ్ వాడనిదే ఆ అక్షరం రాసే హక్కు మనకి లేదు. ఉత్త లిమొనీన్ అని రాయండి.

4. స్పెక్ట్రమ్‌ని మీరే చదవండి

ఇక్కడ కాస్త ఓపిగ్గా కూర్చోండి, అసలు పని ఇదే.

లిమొనీన్ మాలిక్యులర్ అయాన్ 136. రింగ్ మధ్యకి విరిగి (రెట్రో డీల్స్-ఆల్డర్ అంటారు) రెండు ఐసోప్రీన్ ముక్కలు అవుతుంది, అందుకే 68 అంత పెద్దగా వస్తుంది. ఆ 68 లిమొనీన్‌కి గుర్తు. బీటా-ఫెలాండ్రీన్‌కి కూడా 136 ఉంటుంది, కానీ దానికి 93 ఒక్కటే తలెత్తుకుని నిలబడుతుంది, 68 చెప్పుకోదగ్గంత ఉండదు.

ఇప్పుడు ఒక చిన్న తర్కం. లిమొనీన్ మొత్తం బరువే 136, కార్బన్ ఐసోటోప్ కలిపితే 137. అంతకంటే పైన ఏ అయాన్ కనిపించినా అది లిమొనీన్ నుంచి రావడం అసాధ్యం, పది రూపాయల నోటు చింపితే ఇరవై రూపాయల ముక్క రాదు కదా. నా స్పెక్ట్రమ్‌ని 137 పైన జూమ్ చేసి చూస్తే 139, 154 కనిపించాయి, చిన్నవే, బేస్ పీక్‌లో పదో వంతు. 154 నుంచి 15 పోతే 139, అంటే ఒక మిథైల్ ఊడింది. 154 మాలిక్యులర్ అయాన్, 139, 111, 108, 81, 43 ఇవన్నీ కలిస్తే 1,8-సినియోల్. మామూలు సైజులో స్క్రీన్ మీద చూస్తే ఆ రెండు గీతలూ నాయిస్‌లా ఉంటాయి, మొదటిసారి నేను వదిలేసింది అక్కడే.

ఇప్పుడు 68, 93, 154 మాస్‌లకి ఒక్కోదానికి విడిగా ఎక్స్‌ట్రాక్టెడ్ అయాన్ క్రొమాటోగ్రామ్ గీయండి, ఒకదాని మీద ఒకటి పెట్టి మూడిటినీ ఒకే ఎత్తుకి స్కేల్ చెయ్యండి. ఒకే కాంపౌండ్ అయితే మూడు శిఖరాలూ ఒకే స్కాన్ దగ్గర ఉండాలి. నాకు 68 శిఖరం 10.568 నిమిషాల దగ్గర, 154 శిఖరం 10.586 దగ్గర వచ్చాయి. తేడా 0.018 నిమిషం, అంటే సెకను పైన కాస్త, సెకనుకి 4 స్కాన్లు కాబట్టి దాదాపు 4 స్కాన్లు. సెకనుకి ఒకటే స్కాన్ పెట్టి ఉంటే ఈ తేడా కనిపించేదే కాదు. పీక్ ముందు అంచున 119, 134 కూడా లేస్తున్నాయేమో చూడండి, లేస్తే అది పారా-సైమీన్, అది వీళ్ళకి కాస్త ముందే వస్తుంది.

ఒక చిక్కు ఉంది. క్వాడ్రపోల్ ఒక్కో స్కాన్‌లో మాస్‌లని వరసగా చదువుతుంది, ఆ లోపే పీక్ ఎత్తు మారిపోతుంది, కాబట్టి ప్యూర్ కాంపౌండ్‌కి కూడా ఎక్కే వైపు ఒక నిష్పత్తి, దిగే వైపు ఇంకో నిష్పత్తి కనిపించొచ్చు. ఇది నిజంగా ఇద్దరు ఒకే పీక్‌లో కలిసి రావడమా, మెషీన్ చేసే మాయా అని తేల్చుకోవాలంటే ప్యూర్ లిమొనీన్‌ని అదే మెథడ్‌లో ఇంజెక్ట్ చేసి, దానికున్న 68, 93, 136 శిఖరాలు ఎంత తేడాతో వస్తున్నాయో చూడండి. నాకు అర స్కాన్ కూడా తేడా రాలేదు, కాబట్టి ఆ 4 స్కాన్లు నిజమే.

5. రిటెన్షన్ ఇండెక్స్ లెక్కేయండి

ఆల్కేన్ మిక్స్‌ని అదే రోజు, అదే మెథడ్‌లో రన్ చెయ్యండి. పోయిన నెల రన్ పనికిరాదు, ఈలోపు మీరు కాలమ్ కొస కత్తిరించి ఉంటారు. టెంపరేచర్ పెరుగుతూ పోయే ప్రోగ్రామ్‌కి వాన్ డెన్ డూల్, క్రాట్జ్ 1963లో ఇచ్చిన ఫార్ములా వాడాలి. లాగరిథమ్ ఉండే కోవాట్స్ ఫార్ములా ఒకే టెంపరేచర్ దగ్గర నడిపే రన్‌కి, చాలామంది దాన్నే ఇక్కడా వాడేస్తుంటారు.

```
RI = 100 × [ n + (t_x − t_n) / (t_(n+1) − t_n) ]

C10 = 9.842   C11 = 12.316   x = 10.574
RI = 100 × [ 10 + 0.732 / 2.474 ] = 1029.6
```

ఇక్కడ 10.574 అనేది మొత్తం అయాన్ కరెంట్‌లో పీక్ శిఖరం. ఈ రకం కాలమ్ మీద లిమొనీన్, బీటా-ఫెలాండ్రీన్, 1,8-సినియోల్ మూడిటికీ ప్రచురించిన విలువలు 1024 నుంచి 1032 లోపే ఉంటాయి. అంటే ఇండెక్స్ మనకి ఇక్కడ ముగ్గురిలో ఎవరో చెప్పదు, కానీ వేరేవాళ్ళని బయటికి పంపేస్తుంది. స్పెక్ట్రమ్ మాత్రమే చూస్తే ఆల్ఫా-పైనీన్, సబినీన్ కూడా లిస్ట్‌లోకి వచ్చేవి, కానీ వాటి ఇండెక్స్‌లు 935, 972 ప్రాంతంలో కాబట్టి వాటి గొడవ వదిలిపోయింది. ప్రచురించిన విలువకీ మీ విలువకీ 5 యూనిట్ల దాకా తేడా ఉంటే నేను ఒప్పుకుంటా, 15 తేడా ఉందంటే పేరైనా తప్పు, ఆల్కేన్లని లెక్కపెట్టడమైనా తప్పు. రెండోదే ఎక్కువ జరుగుతుంది, ఎందుకంటే సాల్వెంట్ డిలే వల్ల C8 కనిపించక జనం C9ని C8 అనుకుంటారు. అప్పుడు అన్ని ఇండెక్స్‌లూ సరిగ్గా 100 తక్కువ వస్తాయి, అలా వస్తే వెంటనే గుర్తుపట్టండి.

వ్యాక్స్ కాలమ్ ఉంటే ఇక్కడ ప్రాణం లేచొస్తుంది. దాని మీద లిమొనీన్ 1200 దగ్గర వస్తుంది, మిగతా ఇద్దరూ 1210 దాటి వస్తారు, కాబట్టి లిమొనీన్ విడిపోతుంది. బీటా-ఫెలాండ్రీన్, సినియోల్ మాత్రం అక్కడ కూడా ఒకళ్ళనొకళ్ళు వదలరు.

6. స్టాండర్డ్ పెట్టి తేల్చుకోండి

హెక్సేన్ 1 మి.లీ.లో స్టాండర్డ్ 1 మైక్రోలీటర్ కలిపి మొదలుపెట్టండి, పీక్ ఎత్తు మీ శాంపిల్‌లో పీక్ ఎత్తుకి దగ్గరగా వచ్చేదాకా పలచన చెయ్యండి. ఎత్తు ఎందుకు సమానంగా ఉండాలంటే, ఎక్కువ పోస్తే పీక్ వంగి శిఖరం జరిగిపోతుంది, అప్పుడు టైమ్ కలవలేదని మీరు కరెక్ట్ పేరునే కొట్టేస్తారు. లిమొనీన్, సినియోల్ రెండూ కలిపి ఒకే వయల్‌లో పెట్టకండి, విడివిడిగా రన్ చెయ్యండి.

నా రన్‌లో లిమొనీన్ 10.567 దగ్గర, సినియోల్ 10.586 దగ్గర వచ్చాయి. శాంపిల్‌లో 68, 154 శిఖరాలతో కలిశాయి. కానీ ఇంత దగ్గరగా ఉన్నప్పుడు వేర్వేరు రన్‌ల టైమ్‌లని పక్కపక్కన పెట్టి చూడ్డం నాకు సరిపోదు, స్పైక్ చెయ్యాల్సిందే.

మూడు వయల్స్ తీసుకోండి, మూడిట్లోనూ శాంపిల్ ద్రావణం 500 మైక్రోలీటర్లు. ఒకదాంట్లో 50 మైక్రోలీటర్ల ఉత్త హెక్సేన్, రెండోదాంట్లో 50 లిమొనీన్ స్టాండర్డ్, మూడోదాంట్లో 50 సినియోల్ స్టాండర్డ్. స్పైక్‌కి మాత్రం స్టాండర్డ్ కాస్త చిక్కగా, పీక్ ఒకటిన్నర నుంచి రెండు రెట్లు అయ్యేలా ఉండాలి. హెక్సేన్ వయల్ ఎందుకంటే, 50 కలపడం వల్ల వచ్చే పలచన మూడిట్లోనూ సమానంగా ఉండాలి, లేకపోతే పెరుగుదలని దేంతో పోలుస్తారు?

రిజల్ట్ ఇలా చూడాలి:

- లిమొనీన్ స్పైక్‌లో 68 పెరగాలి, శిఖరం ఒక్క స్కాన్ కూడా జరక్కూడదు, భుజం రాకూడదు, పీక్ వెడల్పు పెరక్కూడదు. 154 మాత్రం కదలకుండా ఉండాలి.
- సినియోల్ స్పైక్‌లో 154, 139 కలిసి ఒకే నిష్పత్తిలో పెరగాలి, 68 దాదాపు అలాగే ఉండాలి.

నాకు రెండూ ఇలాగే వచ్చాయి. భుజం వస్తే మాత్రం ఆ పేరు అక్కడితో పోయినట్టే, స్కోర్ ఎంతున్నా సరే. భుజం రాకపోతే పేరు నూటికి నూరుపాళ్ళు ఖాయమా అంటే, ఈ కాలమ్ మీద విడిపోనివాళ్ళు ఉండొచ్చు కాబట్టి అదొక్కటే చాలదు. అందుకే ఆ స్పైక్ వయల్స్‌నే వ్యాక్స్ కాలమ్ మీద కూడా రన్ చెయ్యండి.

7. మిగిలిన 93 సంగతి

ఇద్దరు దొరికారు కదా అని లేచెళ్ళిపోకండి, లెక్క సరిపోయిందో లేదో చూడాలి. నా శాంపిల్‌లో 68 ఏరియా 3,60,000, 93 ఏరియా 4,10,000, 154 ఏరియా 40,000. ప్యూర్ లిమొనీన్ స్టాండర్డ్‌లో నా మెషీన్ మీద 93, 68లో 0.70 వంతు ఉంది. కాబట్టి లిమొనీన్ వాటా 93 సుమారు 2,52,000. సినియోల్ కూడా కొంచెం 93 ఇస్తుంది, నా స్టాండర్డ్‌లో అది 154కి 0.70 వంతు, అంటే 28,000. రెండూ కలిపి 2,80,000. మిగిలిన 1,30,000 ఎవరిది?

68లో సినియోల్ వాటా నా స్టాండర్డ్‌లో లెక్కలోకి రానంత తక్కువ, మీ దాంట్లో ఎక్కువుంటే ముందు అది కూడా తీసేయండి. ఈ 0.70లు లైబ్రరీ నుంచో నా దగ్గర నుంచో తీసుకుని వాడొద్దు, మెషీన్ మెషీన్‌కీ ట్యూన్ ట్యూన్‌కీ మారతాయి, మీ స్టాండర్డ్ నుంచి మీరే కొలవండి. మిగిలింది ఐదు పది శాతమే అయితే కొలతలో తప్పు అనుకుని వదిలేసేవాణ్ణి, కానీ మూడో వంతు మిగిలింది, దాన్ని వదల్లేం. 136, 77, 91 కూడా 93తో కలిసి లేస్తున్నాయి, ఇండెక్స్ కలుస్తోంది, వ్యాక్స్ మీద సినియోల్ పక్కన 93 బలంగా ఉంది. అన్నీ బీటా-ఫెలాండ్రీన్ వైపే చూపిస్తున్నాయి. కానీ దాని ప్యూర్ స్టాండర్డ్ దొరకడం కష్టం, నాకు దొరకలేదు.

8. టేబుల్‌లో ఎలా రాయాలి

మెటబోలోమిక్స్ స్టాండర్డ్స్ ఇనిషియేటివ్ 2007లో పెట్టిన లెవెల్స్ ప్రకారం లెవెల్ 1 అనాలంటే అసలు స్టాండర్డ్‌ని అదే ల్యాబ్‌లో అదే కండిషన్లలో రన్ చేసి, ఒకదానితో ఒకటి సంబంధం లేని కనీసం రెండు లక్షణాలు కలవాలి, ఇక్కడ రిటెన్షన్, మాస్ స్పెక్ట్రమ్. స్టాండర్డ్ లేకుండా లైబ్రరీ, ప్రచురించిన ఇండెక్స్ మాత్రమే కలిస్తే లెవెల్ 2. నేను రాసింది ఇది:

- లిమొనీన్, లెవెల్ 1, ఏ చేతి రూపమో తేల్చలేదు.
- 1,8-సినియోల్, లెవెల్ 1.
- బీటా-ఫెలాండ్రీన్, లెవెల్ 2, స్టాండర్డ్ లేదు.

మొత్తం పీక్ ఏరియాని మాత్రం మూడు పేర్ల మధ్య అంచనాగా పంచి శాతాలు రాయకండి. ఈ కాలమ్ మీద ముగ్గురికీ కలిపి ఒకే శాతం ఇచ్చి, పేర్లు పక్కన ప్లస్ గుర్తుతో రాయండి. విడివిడిగా కావాలని పట్టుబడితే 68కీ 154కీ వేర్వేరు కాలిబ్రేషన్ గీతలు గియ్యాలి, ఫెలాండ్రీన్‌కి స్టాండర్డే లేదు కాబట్టి దానికి ఆ అంకె ఇవ్వలేనని చెప్పేయండి. వాసన చూసి అడిగినావిడకి నేను సవరించిన టేబుల్ ఇలాగే పంపా.